ముఖం కడుక్కోవడానికి బ్రష్ కావాలా?

2020 సెప్టెంబర్ 30న అమెరికాలో క్లారిసోనిక్ అనే కంపెనీ మూతపడింది. ముఖం కడుక్కోవడానికి బ్యాటరీ బ్రష్ వాడటాన్ని జనానికి అలవాటు చేసింది ఆ కంపెనీయే. సోనికేర్ అనే పళ్ల బ్రష్‌ను తయారుచేసిన ఇంజినీర్లే ఆ పరిజ్ఞానాన్ని ముఖానికి మళ్లించి 2004లో దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. సన్నటి నైలాన్ పోగుల గుండ్రటి తల సెకనుకు 300 సార్లకు పైగా అటూ ఇటూ ఊగేది. ధర దాదాపు 200 డాలర్లు. చేత్తో కడిగిన దానికన్నా మేకప్‌ను ఆరు రెట్లు బాగా తీస్తుందని ప్రకటనలు వచ్చేవి. 2011లో లోరియల్ దాన్ని కొనేసింది, తొమ్మిదేళ్ల తర్వాత మిగతా వ్యాపారాల మీద దృష్టి పెడతామంటూ మూసేసింది.

కంపెనీ పోయినా అలవాటు పోలేదు. 2013లో మొదలైన స్వీడన్ కంపెనీ ఫోరియో నైలాన్ పోగులు తీసేసి, సిలికాన్‌తో మెత్తటి బొడిపెలు చేసి, వాటిని కంపించేలా తయారుచేసింది. ఇప్పుడు మన ఆన్‌లైన్ షాపుల్లో కనిపించే గులాబీ, లేత నీలం రంగు బ్రష్‌లలో చాలావరకు దానికి నకళ్లే. అసలుది వేలల్లో ఉంటే నకళ్లు వెయ్యి లోపే దొరుకుతాయి. బ్యాటరీ లేకుండా వేళ్లకు తగిలించుకుని రుద్దుకునే సిలికాన్ ప్యాడ్ అయితే వందా రెండొందలు. హైదరాబాద్ హాస్టళ్ల బాత్‌రూముల్లో, పెళ్లికూతుళ్ల మేకప్ పెట్టెల్లో, చివరికి ఎనిమిదో తరగతి పిల్లల స్నానాల గదుల్లో కూడా ఇవి కనిపిస్తున్నాయి. అందుకే వీటి గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

అసలు బ్రష్ ముఖం మీద ఏంచేస్తుందో ముందు చూద్దాం. ముఖం మీద ఉండే మురికిలో రెండు రకాలున్నాయి. చెమట, దుమ్ము నీళ్లకు పోతాయి. చర్మం ఊర్చే జిడ్డు, సన్‌స్క్రీన్, మేకప్ మాత్రం నీళ్లకు పోవు. వాటిని ఫేస్‌వాష్‌లోని నురగనిచ్చే పదార్థాలు పట్టి నీళ్లతో పాటు జారిపోయేలా చేస్తాయి. అంటే జిడ్డును వదిలించేది ఫేస్‌వాషే తప్ప రాపిడి కాదు. ఆ ఫేస్‌వాష్‌ను ముక్కు పక్కల, గడ్డం కింద, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట సమంగా పరిచి, కాసేపు కదపడమే బ్రష్ పని. అదే పని వేళ్లతో ఒక నిమిషం నిదానంగా చేసినా జరుగుతుంది. మనలో చాలామంది పది సెకన్లలో ముఖం కడిగేసుకుంటాం. బ్రష్ కొన్నవాళ్లు మాత్రం అది నిమిషం తర్వాత ఆగేదాకా రుద్దుతారు. ‘బ్రష్ వాడాక ముఖం ఎంత శుభ్రంగా ఉందో’ అనిపించడంలో ఆ నిమిషానిదే పెద్ద వాటా అని నా అభిప్రాయం.

రాపిడి చేసే పని ఇంకొకటుంది. అది చర్మం పైనున్న మృతకణాలను ఊడగొడుతుంది. కడిగిన వెంటనే చెంపలు నున్నగా తగలడానికి కారణం అదే. ఈ మృతకణాల పొర ముఖం మీద మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని చర్మవైద్యులు గోడతో పోల్చి చెబుతుంటారు: కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు సున్నం. ఒంట్లోని నీళ్లు ఆవిరైపోకుండా, బయటి ఘాటు లోపలికి దిగకుండా చూసేది ఈ గోడే. కింది నుంచి కొత్త కణాలు వస్తూ, పైవి వాటంతటవే రాలుతూ ఉంటాయి. వయసులో ఉన్నవాళ్లలో కింద పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. బ్రష్ రోజూ రెండుపూటలా ఆ రాలడాన్ని తొందరపెడుతుంది. గోడ మందంగా, జిడ్డుగా ఉన్నవాళ్లకు ఆ నష్టం తెలియదు. ముందే పల్చబడి ఉన్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

సున్నితమైన చర్మం అంటే ఏమిటో ఇక్కడ అర్థం చేసుకోవాలి. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి దానికి నిర్వచనం ఇచ్చింది. మామూలుగా ఎవరికీ ఇబ్బంది పెట్టని వాటికి కూడా మంట, చురుకు, దురద, జిలజిలలాడటం లాంటివి వస్తే అది సున్నితమైన చర్మం. ముఖం ఎర్రబడాలని లేదు, దద్దుర్లు రావాలని లేదు. చూడటానికి మామూలుగానే ఉండి, మాయిశ్చరైజర్ రాయగానే చురుక్కుమంటే చాలు. కొందరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది. కొందరికి ఎగ్జిమా, రోజేషియా లాంటి జబ్బుల వల్ల వస్తుంది. ఇంకొందరు తామే తెచ్చుకుంటారు. ఈ మూడో రకం మన దగ్గర తక్కువేమీ కాదు.

మా అక్క కూతురి విషయం చెబుతాను. ఇంజినీరింగ్ చదువుతోంది, జిడ్డు ముఖం, గడ్డం మీద, చెంపల మీద మొటిమలు. డాక్టర్ రాత్రిపూట రాయమని అడాపలీన్ జెల్ ఇచ్చారు. అది కాక 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్ తనే కొనుక్కుని వాడుతోంది. ఈ రెండూ మృతకణాలను వదులు చేసేవే. దానికి తోడు స్నేహితురాలు చెప్పిందని కంపించే సిలికాన్ బ్రష్ ఒకటి తెప్పించింది. మొదటి వారం ముఖం వెన్నలా ఉందని ఫోన్‌లో మురిసిపోయింది. మూడో వారానికి చెంప ఎముకల మీద, ఎప్పుడూ మొటిమలు రాని చోట, ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు లేచాయి. సన్‌స్క్రీన్ రాస్తే కళ్లలో నీళ్లు తిరిగేంత మంట. అప్పటికీ ఆపలేదు. ‘‘పిన్నీ, మొదట్లో లోపలి మొటిమలన్నీ బయటికి వస్తాయట, దాన్ని పర్జింగ్ అంటారట. ఇంకో నెల ఓపిక పట్టమంటున్నారు’’ అంది.

ఈ మాట చాలామంది నోట వింటున్నాను. ఇది ప్రమాదకరమైన మాట కూడా. పర్జింగ్ అనేది నిజంగానే ఉంది, కానీ అది అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి మందులతో వస్తుంది. అవి రంధ్రం లోపల కణాల కదలికను పెంచుతాయి కాబట్టి, అప్పటికే లోపల మూసుకుపోయి ఉన్నవి ముందే పైకి తేలతాయి. అవి కూడా ఎప్పుడూ వచ్చే చోటే వస్తాయి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుముఖం పడతాయి. బ్రష్ రంధ్రం లోపలికి వెళ్లదు, పైపైనే తిరుగుతుంది. కాబట్టి బ్రష్ మొదలుపెట్టాక కొత్త చోట్ల, దురదతో, ఒకే రకంగా లేచిన పొక్కులు చర్మం కందిపోయిందనడానికి గుర్తే తప్ప శుభ్రపడుతోందనడానికి కాదు.

ఆ అమ్మాయిని చూసిన చర్మవైద్యురాలు ముందు మందు రాయలేదు, మూడు ఆపించారు. బ్రష్ పూర్తిగా బంద్. సాలిసిలిక్ ఫేస్‌వాష్ బంద్. అడాపలీన్ కూడా కొన్నాళ్లు ఆపమన్నారు. నురగ తక్కువ వచ్చే, సువాసన లేని క్లెన్సర్‌తో వేళ్లతోనే కడుక్కుని, తడి ఆరకముందే మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ రాయమన్నారు. ముందు మంట పోయింది. తర్వాత కొద్ది రోజులకు పొక్కులు అణిగాయి. అప్పుడు అడాపలీన్‌ను మళ్లీ రోజు విడిచి రోజు మొదలుపెట్టించారు. బ్రష్ జోలికి మాత్రం వెళ్లవద్దన్నారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పొక్కులు లేచిన చోట పడిన గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉండిపోయాయి.

మన ముఖాలకు సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఈ మచ్చలే. తెల్లవాళ్ల చర్మం రాపిడికి ఎర్రగా కందుతుంది, కొన్నాళ్లకు మామూలవుతుంది. చామనఛాయ చర్మం చిన్న వాపుకు కూడా రంగు పోస్తుంది. వాపు తగ్గినా రంగు ఒక పట్టాన పోదు, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. పైగా మన చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. ‘ఎర్రబడితే ఆపండి’ అని డబ్బా మీద రాసి ఉంటుంది, మనం ఎరుపు కోసం చూస్తూ ఉంటాం, అది నలుపుగా మారిన తర్వాత గాని గుర్తించం. అందుకే మనం చూసుకోవాల్సిన గుర్తులు వేరు. కడిగిన పది నిమిషాలకు కూడా చెంపలు లాగినట్టుంటున్నాయా? చేయి పెడితే వెచ్చగా తగులుతున్నాయా? ఎప్పుడూ వాడే క్రీమే కొత్తగా చురుక్కుమంటోందా? నూనె రాసినట్టు కాకుండా బిగుతుగా, గాజులా మెరుస్తున్నాయా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బ్రష్ ఆపాల్సిందే.

రాపిడితో రంగు పెరగడం కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. నైలాన్ పీచుతో, నైలాన్ తువ్వాలుతో ఏళ్ల తరబడి గట్టిగా ఒళ్లు రుద్దుకునేవాళ్లకు మెడ మీద, వీపు పైభాగాన, భుజం ఎముకల మీద నల్లటి చారలు రావడాన్ని జపాన్‌లోనూ మన దేశంలోనూ చర్మవైద్యులు చాలాకాలంగా చూస్తున్నారు. మురికి అనుకుని ఇంకా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది. ముఖం మీద కూడా అదే జరుగుతుంది. చెంప ఎముకలు, నుదురు, దవడ అంచు లాంటి ఎముక తగిలే చోట్ల ముందు మొదలవుతుంది. బ్రష్‌ను మనం ఎక్కువగా నొక్కేది కూడా ఆ చోట్లనే.

సిలికాన్ మెత్తన కదా, దానితో కూడా ఇంత జరుగుతుందా అని అడగవచ్చు. నైలాన్ కన్నా సిలికాన్ నయమే, అందులో అనుమానం లేదు. నైలాన్ పోగుల చివర్లు సన్నగా ఉంటాయి, వాడగా వాడగా వంగి, చీలి గీసుకుంటాయి. పోగుల మొదట్లో తడి నిలుస్తుంది. అందుకే తలను మూడు నెలలకొకసారి మార్చమని కంపెనీలు చెబుతాయి. సిలికాన్‌కు అలాంటి సందులు ఉండవు, నీళ్లు పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది, మార్చాల్సిన తల ఉండదు. దానర్థం దానికి మురికి పట్టదని కాదు. ఫేస్‌వాష్ జిగురు బొడిపెల మధ్య చేరి, గాలి ఆడని స్నానాల గదిలో తడిగా పడి ఉంటే దాని మీద కూడా సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాడిన ప్రతిసారీ కడిగి, గది బయట ఆరబెట్టాలి. ఇంట్లో ఇద్దరు ఒకటే వాడకూడదు. అమ్మా కూతుళ్లయినా సరే.

మెత్తదనంలోనే ఇంకో చిక్కు కూడా ఉంది. మృతకణాలను బాగా తీసే బ్రష్ అంటే గట్టిగా రాపాడేదే, సున్నిత చర్మానికి అది పడదు. సున్నిత చర్మానికి పడేంత మెత్తటిది, ఒత్తిడి లేకుండా వాడితే, వేళ్లు చేసే దానికన్నా పెద్దగా ఎక్కువేమీ చేయదు. అంటే సున్నిత చర్మం ఉన్నవాళ్లు డబ్బు పెట్టి కొంటే పనిచేసేది పడదు, పడేది అవసరం లేదు. నన్నడిగితే ఈ ఒక్క కారణం చాలు, వాళ్లు వీటి జోలికి వెళ్లకపోవడానికి. అమెరికా చర్మవైద్యుల సంఘం కూడా ముఖాన్ని గోరువెచ్చటి నీళ్లతో, వేళ్ల కొసలతో మాత్రమే కడుక్కోమంటుంది. గుడ్డ, పీచు లాంటివేవీ వద్దంటుంది.

సున్నితం అనే మాట కిందకు రాకపోయినా బ్రష్‌కు దూరంగా ఉండాల్సినవాళ్లు కొందరున్నారు. బొల్లి ఉన్నవాళ్లకు రాపిడి తగిలిన చోట కొత్త మచ్చ రావచ్చు. సోరియాసిస్‌లోనూ అంతే. ముఖం మీద చదునైన చిన్న పులిపిర్లు ఉంటే బ్రష్ వాటిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకించగలదు, వాటిని మొటిమలనుకుని రుద్దేవాళ్లున్నారు. చీము పట్టిన మొటిమలు, ఎండకు కమిలిన చర్మం, అప్పుడే థ్రెడింగో వ్యాక్సింగో చేయించుకున్న ముఖం, రెటినాల్ రకం క్రీములు వాడే ముఖం, ఇవన్నీ కూడా బ్రష్ తగలకూడనివే.

వీళ్లందరిలో నాకు ఎక్కువ భయం స్టిరాయిడ్ క్రీములు వాడినవాళ్ల గురించే. తెల్లబడతామని, మొటిమలు తగ్గుతాయని, మెడికల్ షాపులో ఎవరో ఇచ్చారని బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ కలిసిన క్రీములను నెలల తరబడి ముఖానికి రాసుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు కనిపిస్తారంటే అతిశయోక్తి కాదు. దానివల్ల చర్మం పల్చబడి, సన్నటి ఎర్రటి నరాలు తేలి, ఎండకు వెళ్తే భగ్గుమని మండి, క్రీమ్ మానేస్తే పొక్కులు లేవడం ఎంత ఎక్కువైందంటే, మన దేశపు వైద్యులే దానికి ‘స్టిరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం’ అని పేరు పెట్టారు. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి ముఖం జిడ్డుగా, పొక్కులుగా కనిపిస్తుంది కాబట్టి బ్రష్‌తో బాగుపడుతుందనిపిస్తుంది. సరిగ్గా ఆ ముఖానికే బ్రష్ అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. క్రీమ్ ఒక్కసారిగా మానేయడం కూడా మంచిది కాదు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

మరి కొనదగ్గవాళ్లు ఎవరూ లేరా? ఉన్నారు. మంట, దురద ఎరగని జిడ్డు చర్మం ఉండి, రోజూ నీటికి తట్టుకునే సన్‌స్క్రీనో మందపాటి ఫౌండేషనో వేసుకునేవాళ్లకు, బైక్ మీద నగరమంతా తిరిగి సాయంత్రానికి ముఖం మీద నల్లటి జిడ్డు పేరుకునేవాళ్లకు కాస్త సుఖం దొరుకుతుంది. వేళ్ల కీళ్లనొప్పులతో ముఖం సరిగా రుద్దుకోలేని పెద్దవాళ్లకు సిలికాన్ ప్యాడ్ నిజంగా సాయపడుతుంది. మేకప్ తీయడానికే అయితే అంతకన్నా మంచి దారి మన నాటకాల వాళ్లకు ఎప్పుడో తెలుసు. ముందు కొబ్బరినూనె రాసి రంగును కరిగించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత కడుక్కుంటారు. నూనెలో కరిగేదాన్ని నూనెతోనే తీయాలి. మొటిమలు వచ్చే చర్మానికి కొబ్బరినూనె పడకపోవచ్చు, వాళ్లకు నీళ్లతో కడిగితే తెల్లగా పాలలా మారి పోయే క్లెన్సింగ్ ఆయిల్ నయం.

చాలామంది బ్రష్ కొనేది ముక్కు మీది నల్లటి చుక్కల కోసం. వాటిలో ఎక్కువభాగం బ్లాక్‌హెడ్స్ కావు, ప్రతి రంధ్రంలోనూ సహజంగా ఉండే జిడ్డు పోగులు. నొక్కి తీసినా నెల లోపే మళ్లీ నిండుతాయి. బ్రష్ వాటి కొసను తుడుస్తుంది, ఆ రోజుకు ముక్కు తేటగా కనిపిస్తుంది, అంతే. నిజం బ్లాక్‌హెడ్స్‌కు సాలిసిలిక్ ఆమ్లమో అడాపలీనో పనిచేస్తుంది.

ఇన్ని విన్నాక కూడా వాడి చూడాలని ఉంటే, వేలు పోసి కాకుండా వందా రెండొందల సిలికాన్ ప్యాడ్‌తో మొదలుపెట్టండి. బ్యాటరీది తీసుకుంటే డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉండాలి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పడున్నా లోపలికి నీరు దిగదని. ఫేస్‌వాష్ మామూలుదే వాడండి. గింజలున్న స్క్రబ్, ముల్తానీ మట్టి, శనగపిండి దాని మీద వేయకండి, అప్పుడు రాపిడి రెండింతలవుతుంది. ఒళ్లు రుద్దుకునే సబ్బు అసలు వద్దు. సబ్బు క్షారగుణంతో ఆ కొవ్వు పొర ముందే దెబ్బతింటుంది. బోరు నీళ్లయితే సబ్బు ఆ ఉప్పులతో కలిసి తెట్టులా చర్మానికి అంటుకుంటుంది కూడా.

పరీక్ష ఇలా చేయండి. రెండు వారాల పాటు కుడి చెంపకు ప్యాడ్, ఎడమ చెంపకు వేళ్లు. ఫేస్‌వాష్ ఒకటే, సమయం ఒకటే: రెండు వైపులా చెరో పదిహేను ఇరవై సెకన్లు. వారానికి రెండుసార్లు రాత్రిపూట మాత్రమే, ప్యాడ్ బరువు తప్ప మీ చేతి బరువు పడకుండా, కంటి చుట్టూ వదిలేసి. మిగతా రోజులు రెండు వైపులా వేళ్లతోనే. ఈ రెండు వారాల్లో కొత్త క్రీమ్ ఏదీ మొదలుపెట్టకండి, లేకపోతే ఏది దేనివల్లో తెలియదు. మొదటి రోజూ చివరి రోజూ పగటి వెలుతురులో కిటికీ పక్కన నిలబడి ఫొటో తీసుకోండి, బాత్‌రూమ్ లైటులో తేడా తెలియదు. కుడి చెంప లాగినా, చురుక్కుమన్నా, రంగు ముదిరినా రెండు వారాలు ఆగనక్కర్లేదు, అక్కడితో మానేయండి. రెండు చెంపలూ ఒకేలా ఉంటే ఖరీదైన బ్రష్ కొనడానికి కారణం లేనట్టే. కుడి చెంప నిజంగానే తేటగా, ఏ ఇబ్బందీ లేకుండా ఉంటే, ముందు ఇంకో రెండు వారాలు వేళ్లతోనే పూర్తిగా ఒక నిమిషం కడిగి చూడండి. ఎడమ చెంప కూడా అలాగే అయితే ఆ ప్యాడ్ కూడా అక్కర్లేదు.